టోకెన్ కట్టే ముందు వాట్సాప్‌లో అడగాల్సినవి

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు నచ్చిందనగానే వినిపించే మాట టోకెన్. ఇది అగ్రిమెంటు రాసుకోకముందే చేతులు మారే సొమ్ము కాబట్టి, దాని షరతులు సాధారణంగా ఏ కాగితం మీదా ఉండవు. ‘సాయంత్రం ఇంకొకరు చూడ్డానికి వస్తున్నారు’ అని యజమాని అనగానే, ఇక అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటంతో చాలామంది అక్కడికక్కడే యూపీఐలో పంపేస్తారు. మొహమాటం అడ్డొచ్చేవారికి నోటితో అడగడం కన్నా మెసేజ్ పెట్టడమే తేలిక. పైగా అది సాక్ష్యంగానూ మిగులుతుంది.

ముందు అడగాల్సింది టోకెన్ గతి. ‘సార్, ఈ 5,000 అడ్వాన్సులో కలుపుతారా? ఇల్లు ఏ తేదీ దాకా ఆపుతారు? నేను మానుకుంటే ఎంత వెనక్కి ఇస్తారు? మీరే వేరేవాళ్లకి ఇస్తే?’ చివరి రెండిటినీ విడివిడిగానే అడగాలి. ‘టోకెన్ వెనక్కి రాదు’ అనే మాట అద్దెకు వచ్చేవారు తప్పుకున్న సందర్భానికే చెప్పినా, గొడవ వచ్చినప్పుడు రెండిటికీ వాడేస్తారు.

డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుందన్నది తర్వాతి ప్రశ్న. యజమాని అమెరికాలో ఉండి, బంధువో వాచ్‌మనో ఇల్లు చూపించడం ఇక్కడ మామూలే. అలాంటప్పుడు ఆస్తిపన్ను రసీదు అడిగి, అందులోని పేరూ ఖాతా పేరూ ఒకటేనా అని చూడాలి. వేరైతే, ఫలానావారికి కట్టమని యజమానే మెసేజ్ పెట్టాలి. ఇల్లు చూపించకుండానే క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేస్తే డబ్బు వెనక్కి వస్తుందనేవారిది మోసమే. డబ్బు అందుకోవడానికి స్కాన్ చేయడమూ పిన్ కొట్టడమూ అక్కర్లేదు.

అసలు భారం దాగేది ఖాళీ చేసేటప్పటి కోతల్లో. అద్దె 18,000, మెయింటెనెన్స్ 2,500, రెండు నెలల అడ్వాన్సు 36,000 అనుకుందాం. వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటే చేతికి వచ్చేది 18,000. పదకొండు నెలలే ఉన్నవారికి ఆ కోత నెలకు సుమారు 1,636 పడుతుంది. అంటే 20,500 అనుకున్న ఇల్లు నిజానికి 22,136. అందుకే పెయింటింగ్‌కు ఎంత పడుతుంది, ఏడాది లోపు ఖాళీ చేసినా అంతేనా, ఎన్ని నెలల ముందు చెప్పాలి, మిగిలిన సొమ్ము తాళాలు ఇచ్చిన రోజే ఇస్తారా అని టోకెన్‌కు ముందే అడగాలి. ఆ తర్వాత బేరమాడే బలం తగ్గిపోతుంది.

కొందరు యజమానులు మెసేజ్‌కు జవాబివ్వరు, ఫోన్ చేసి చెబుతారు. అందులో తప్పుపట్టాల్సింది లేదు, చాలామందికి టైపు చేయడం విసుగు. ఫోన్ పెట్టేశాక విన్నదంతా నాలుగు ముక్కల్లో రాసి, ‘మీరు చెప్పింది ఇదే కదా సార్, సరేనంటే టోకెన్ పంపుతాను’ అని పెట్టాలి. ‘సరే’ అని వచ్చాకే డబ్బు పంపాలి.