డిలీట్ కొట్టాక కార్డులో ఏం మిగులుతుంది?

మా రూమ్మేట్ ఫెస్ట్ ఫొటోలున్న కెమెరా కార్డుని పొరపాటున ఖాళీ చేసేశాడు. ముందు కార్డు బయటికి తీయించి, దాని పక్కనుండే లాక్ వేయించాను. ఎందుకంటే FAT32 లో డిలీట్ అంటే ఫైల్ పేరులో మొదటి బైట్ `E5` అవుతుంది, దాని చోటు ఖాళీ అని నమోదవుతుంది, అంతే. డేటా అక్కడే ఉంటుంది. ఇంకో ఫొటో తీస్తే మాత్రం సరిగ్గా ఆ చోట్లోనే కూర్చోవచ్చు, ఇక ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

PhotoRec తో వెతికి, దొరికినవి లాప్‌టాప్‌లో సేవ్ చేశాం. కార్డులోకే చేస్తే మిగిలినవి మనమే తుడిచేసినట్టు! ఫొటోలు చాలావరకు వచ్చాయి, పేర్లు పోయాయి. ముక్కలుగా చెదిరిన పెద్ద వీడియోలు కొన్ని ప్లే కాలేదు, ఏ ముక్క తర్వాత ఏదో చెప్పే గొలుసు డిలీట్‌తోనే పోతుంది కాబట్టి. అదే లాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ చాలా తక్కువ. ట్రిమ్ కమాండ్ వెళ్ళాక ఆ చోటు చదివితే సాధారణంగా సున్నాలే వస్తాయి.