సంతకం చివర్లో పెట్టండి

హోటల్ స్టోర్‌లో పనిచేసేవాళ్లకు పొద్దున ఏడు గంటల హడావుడి తెలిసిందే. వ్యాన్ గేటు దగ్గర ఆగుతుంది. "అన్నా, ఇంకా నాలుగు చోట్లకు పోవాలి, తొందరగా సంతకం పెట్టు" అంటాడు డ్రైవర్. నేను కొత్తలో అలాగే పెట్టేశాను. ఆ రోజు వచ్చిన పనీర్ సాయంత్రానికే పులిసింది. సరుకు మా ఫ్రిజ్‌లోనే పాడైందని సప్లయర్ అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఒక్క అంకె కూడా రాసి లేదు.

అప్పటి నుంచి నా వరస ఒకటే: ముందు చల్లదనం, తర్వాత తూకం, ఆ తర్వాత బిల్లు, చివర్లో సంతకం. చల్లదనం ముందెందుకంటే, గుమ్మం దగ్గర పావుగంట ఉంటే మంచి సరుకు కూడా వేడెక్కుతుంది. అప్పుడు ఆ వేడి వ్యాన్‌లోదో మనదో తేల్చలేం.

చికెన్, పనీర్, పెరుగు లాంటివి 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో రావాలి. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 లేదా అంతకంటే తక్కువలో ఉండాలి. వ్యాన్ డిస్‌ప్లేలో 4 అని కనిపించిందని ఊరుకోకండి. అది లోపలి గాలి సంగతి చెబుతుంది, సరుకు సంగతి కాదు. దారిలో కూలింగ్ ఆపేసి, మన వీధి మలుపులో మళ్లీ వేసినా గాలి చల్లబడుతుంది, పనీర్ మాత్రం అంత త్వరగా చల్లబడదు. దూరం నుంచి గురిపెట్టే గన్ థర్మామీటర్ కూడా పైపొరనే చూస్తుంది.

కాబట్టి పుల్ల ఉన్న ప్రోబ్ థర్మామీటర్ వాడండి. శానిటైజర్ స్వాబ్‌తో తుడిచి, రెండు ప్యాకెట్ల మధ్య పెట్టి గట్టిగా నొక్కి, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగండి. తలుపు వైపు ఒకటి, మధ్యలో ఒకటి చూడండి. 5 దాటితే ఒక ప్యాకెట్ విప్పి, మందంగా ఉన్నచోట గుచ్చి ఖాయం చేసుకోండి. వారానికోసారి గ్లాసు నిండా ఐసు ముక్కలు, కొంచెం నీళ్లు పోసి కలిపి, అందులో ప్రోబ్ ముంచండి. సున్నాకు ఒక డిగ్రీ అటూ ఇటూ చూపిస్తే సరే, లేకపోతే మార్చండి.

ఫ్రోజెన్ బఠాణీలు గలగలమనకుండా ఒకే గడ్డగా ఉన్నా, ప్యాకెట్ లోపల పెద్ద ఐసు పేరుకున్నా ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టాయని అనుమానించాలి. "ఫ్రిజ్‌లో పెడితే సర్దుకుంటుంది" అనే మాట నమ్మొద్దు. వేడిలో పెరిగిన బ్యాక్టీరియా చల్లబరిచినంత మాత్రాన చావదు. కొన్ని రకాలు వదిలే విషం వండినా పోదు.

ఇక తూకం, బిల్లు. సరుకును బిల్లుతో మాత్రమే పోల్చేవాళ్లు ఎక్కువ. బిల్లు రాసింది సప్లయరే, కాబట్టి మనం ఏం అడిగామో, ఏ రేటుకు ఒప్పుకున్నామో అందులో ఉండదు. మన ఆర్డర్ కాపీ పక్కన పెట్టుకోవాలి. ఒక ఉదాహరణ చూడండి.

ఆర్డర్: చికెన్ 20 కిలోలు, కిలో 230 రూపాయలు, పనీర్ 10 కిలోలు, కిలో 340. బిల్లులో చికెన్ 20 కిలోలు 240 చొప్పున 4,800, పనీర్ 3,400, మొత్తం 8,200 ఉంది. ట్రేతో కలిపి చికెన్ 20.3 కిలోలు తూగింది. ఖాళీ ట్రే 1.4 పోతే మాంసం 18.9 కిలోలే. చికెన్ 4 డిగ్రీలుంది, తీసుకోవచ్చు. పనీర్ తలుపు వైపూ మధ్యలోనూ 10 చూపించింది, విప్పి గుచ్చినా అంతే. అది మొత్తం వెనక్కి వెళ్లాలి. ఇవ్వాల్సింది 18.9 ఇంటూ 230, అంటే 4,347 రూపాయలు. సంతకం ముందే పెట్టేసి ఉంటే 3,853 రూపాయలు అదనంగా పోయేవి.

పనీర్‌ను లోపలికి తీసుకెళ్లి తర్వాత మాట్లాడదాం అనుకోవద్దు. అదే వ్యాన్‌లో తిప్పి పంపండి. బిల్లు రెండు కాపీల మీదా ఆ లైను కొట్టేసి ఇలా రాయండి: "పనీర్ 10 కిలోలు, 10 డిగ్రీలు, 7.20కి తిరస్కరించాం. చికెన్ 18.9 కిలోలు, ఆర్డర్ రేటు 230." కింద మీరూ డ్రైవరూ సంతకం పెట్టండి. థర్మామీటర్ అంకె, ప్యాకెట్ లేబుల్ కనిపించేలా ఫోటో తీసుకోండి. రేటు మాట డ్రైవర్‌తో వాదించకుండా సప్లయర్‌కు ఫోన్ చేసి, 3,853కి క్రెడిట్ నోట్ అడగండి. అది వచ్చేదాకా ఆ బిల్లు అకౌంట్స్‌కు పంపకండి. మధ్యాహ్నం బిర్యానీకి పనీర్ కావాలి కాబట్టి ఆ ఫోన్‌లోనే మారు సరుకు ఎప్పుడొస్తుందో అడిగి, వంటమాస్టర్‌కు వెంటనే చెప్పండి. ఆ కబురు ఆలస్యమైతేనే 10 డిగ్రీల పనీర్‌ను "ఈ ఒక్కసారికి" తీసుకోవాలనిపిస్తుంది.