3 నెలల్లో తేలే ప్రశ్నేనా?

ప్రశ్న: మాది చల్లపల్లి. డిగ్రీ ప్రాజెక్టుకు బోరు నీళ్లలో ఉప్పు, పురుగుమందుల అవశేషాలు, రుతువుల వారీ మార్పు చూడాలనుంది. గడువు 3 నెలలు, చేతిలో 5,000 రూపాయలు, ల్యాబు వారానికి ఒక్క పూట. అవుతుందా అండీ?

జవాబు: ఇలాగే అయితే కాదు. పురుగుమందుల అవశేషాలకు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ లాంటి పరికరం కావాలి. బయట చేయిస్తే మీ డబ్బు కొద్ది శాంపిళ్లకే చెల్లు. రుతువుల మార్పుకు ఏడాదైనా పడుతుంది. రెండూ తీసేయండి.

మిగిలే ప్రశ్న మంచిదే: చల్లపల్లి నుంచి నాగాయలంక దాకా, సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు పెరుగుతోందా? విద్యుద్వాహకతను చేతిమీటరుతో బోరు దగ్గరే చూడొచ్చు. కొనేముందు దాని గరిష్ఠ పరిమితి చూడండి, చౌక మీటర్లు ఉప్పునీళ్ల దగ్గర చేతులెత్తేస్తాయి. క్లోరైడు నిల్వకు తగ్గిపోదు. నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో పట్టి ఉంచి, ల్యాబు దొరికిన పూట సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేయండి. ఆ మందు ఖరీదెక్కువ, కాబట్టి బాగా ఉప్పగా ఉన్న శాంపిల్‌ను ముందు పలచన చేసుకోండి.

మొదట ఒక్కరోజు 3 బోర్లు చూసి రండి. ఒకే బోరు నీళ్లను పదేపదే కొలిచినప్పుడు వచ్చే తేడా, బోరుకూ బోరుకూ ఉన్న తేడా కన్నా బాగా తక్కువుంటేనే ముందుకెళ్లండి. ప్రతి బోరు లోతూ అడిగి రాసుకోండి. 40 అడుగుల బోరునూ 200 అడుగుల బోరునూ పక్కపక్కన పెడితే, ఆ తేడా దూరానిదో లోతుదో ఎవరూ చెప్పలేరు.