డ్రగ్ టెస్టుకు ముందు హెచ్‌ఆర్‌కి రాసే ఉత్తరం: ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

న్యూజెర్సీలో ఉంటున్న ఒక చెల్లెలు ఒక ఉత్తరం ముసాయిదా పంపి, "అక్కా, ఇది హెచ్‌ఆర్‌కి పంపేయనా?" అని అడిగింది. మందుల గోదాములో క్వాలిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చిందట. ఆఫర్ చేతికొచ్చింది కానీ, డ్రగ్ టెస్టు అయ్యాకే చేరాలని షరతు పెట్టారు. తనేమో పానిక్ డిజార్డర్‌కి డాక్టరు రాసిచ్చిన క్లోనజెపామ్, అర మిల్లీగ్రాము మాత్ర, రెండేళ్ళుగా రోజూ రాత్రి వేసుకుంటోంది. మత్తు కలిగించే మందు కదా, టెస్టులో బయటపడితే ఏమనుకుంటారోనని భయం. ఆ భయంతోనే తన జబ్బు ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఎలా ఉండేది, ఎన్ని రాత్రులు నిద్రపట్టలేదు, అన్నీ రెండు పేజీల నిండా రాసింది.

తల్లీ, ఆ రెండు పేజీలూ పంపకు. నువ్వు దాచాల్సిన తప్పేదో చేశావని కాదు. అవి చేరాల్సిన చోటు హెచ్‌ఆర్ కాదు, అందుకని.

ముందు టెస్టు ఎలా నడుస్తుందో చెప్తాను. మూత్రం శాంపిల్‌ని మొదట వడపోత పరీక్షకు పెడతారు. అందులో అనుమానం వస్తే, మందును కచ్చితంగా గుర్తించే రెండో పరీక్ష చేస్తారు. ట్రక్కు డ్రైవర్ల లాంటి వాళ్ళకి అమెరికా ప్రభుత్వం తప్పనిసరి చేసిన పరీక్షలో క్లోనజెపామ్ జాతి మందులు, అంటే బెంజోడయజెపిన్లు, అసలు లేవు. ప్రైవేటు కంపెనీలు చేయించే పెద్ద పరీక్షల్లో మాత్రం తరచూ ఉంటాయి. ఇంకో చిత్రం ఉంది. వడపోత పరీక్షలు చాలావరకు డయజెపామ్ లాంటి పాత మందుల కోసం తయారైనవి. క్లోనజెపామ్ ఒంట్లో వేరే రూపంలోకి మారి బయటికొస్తుంది కాబట్టి కొన్నిసార్లు వాటికి దొరకదు. కాబట్టి ఫలితం నెగటివ్ అని వస్తే, "నేను వాడుతున్నానని రాశానే, అబద్ధం చెప్పానని అనుకుంటారేమో" అని బెంగపడకు. వేసుకునేది అర మిల్లీగ్రామే కదా, అలా రావచ్చు.

ఫలితం పాజిటివ్ వస్తే, చాలా కంపెనీల్లో అది నేరుగా హెచ్‌ఆర్‌కి వెళ్ళదు. మధ్యలో మెడికల్ రివ్యూ ఆఫీసర్ అని ఒక డాక్టరు ఉంటారు. ఆయన నీకు ఫోన్ చేసి కారణం అడుగుతారు, ప్రిస్క్రిప్షన్ చూస్తారు, అవసరమైతే మందుల షాపుకి ఫోన్ చేసి సరిచూసుకుంటారు. అన్నీ సరిపోతే కంపెనీకి నెగటివ్ అనే చెప్తారు. నీ మందు పేరు చెప్పాల్సింది ఆయనకి. శాంపిల్ తీసుకునే చోట ఉన్న మనిషికి చెప్పినా ఉపయోగం లేదు, ఫలితం తేల్చేది వాళ్ళు కాదు. ప్రైవేటు కంపెనీలన్నీ ఇలాంటి డాక్టరును పెట్టుకుంటాయని మాత్రం అనుకోవద్దు. అందుకే ఉత్తరంలో ఆ సంగతే అడగాలి.

మన ఆడపిల్లలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. తెలియని నంబర్లు ఎత్తకపోవడం మనకు అలవాటు. ఆయన రెండు మూడుసార్లు చేసి, నువ్వు దొరక్కపోతే, నీ మాట వినకుండానే ఫలితం పాజిటివ్‌గా వెళ్ళిపోవచ్చు. టెస్టు ఇచ్చిన దగ్గర్నుంచి ఫలితం వచ్చేదాకా ప్రతి ఫోనూ ఎత్తు. వాయిస్‌మెయిల్ నిండిపోకుండా చూసుకో. నీ పేరు, డాక్టరు పేరు, తేదీ కనబడేలా మందు సీసా మీది లేబుల్‌ని ఫొటో తీసి పెట్టుకో.

ఇక హెచ్‌ఆర్‌కి రాసే ఉత్తరం. దాన్ని టెస్టుకి ముందే, తేదీ పడేలా ఈమెయిల్‌లో పంపు. ఇంగ్లీషులో నువ్వే రాసుకుంటావు, విషయం మాత్రం ఇంతే ఉండాలి:

"ఫలానా తేదీన నాకు డ్రగ్ టెస్టు ఉంది. లైసెన్సు ఉన్న డాక్టరు రాసిచ్చిన ఒక మందును, చెప్పిన మోతాదులోనే వాడుతున్నాను. అది టెస్టులో కనబడే అవకాశం ఉంది. ఫలితాలను చూడటానికి మెడికల్ రివ్యూ ఆఫీసర్ ఉన్నారా? ఉంటే మందు పేరు, ప్రిస్క్రిప్షన్ వారికి నేరుగా ఇస్తాను. లేకపోతే ఎవరికి ఇవ్వాలో దయచేసి తెలపండి. నా పని వివరాలు చూసి మా డాక్టరు ఇచ్చిన లేఖ జతచేస్తున్నాను. దీన్ని వైద్య సమాచారంగా, ఉద్యోగ ఫైలులో కలపకుండా వేరుగా ఉంచగలరు."

చూశావా, జబ్బు పేరు లేదు, మందు పేరు లేదు, క్షమాపణ లేదు. చివరి వాక్యం ఊరికే రాయమనలేదు. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం పదిహేను మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలకి వర్తిస్తుంది. దాని ప్రకారం ఉద్యోగి వైద్య సమాచారాన్ని విడిగా, గోప్యంగా ఉంచాలి. అయితే అదే చట్టం ఆఫర్ ఇచ్చాక, చేరకముందు కంపెనీకి కొంత వీలు ఇచ్చింది. ఆ పనిలో చేరేవాళ్ళందరినీ ఒకేలా అడిగితే ఆరోగ్యం గురించి అడగొచ్చు. నువ్వు ఇప్పుడు ఉన్నది సరిగ్గా ఆ దశలోనే. ఫారంలో మందుల పేర్లు అడిగితే నిజమే రాయి. అడగకముందే రెండు పేజీలు పంపొద్దనే నేను అంటున్నది.

డాక్టరు లేఖ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మత్తు మందు విషయంలో అసలు ప్రశ్న అక్కడుంది. నీ పనిలో అప్పుడప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ నడపాలని రాశావు. క్లోనజెపామ్ రక్తంలో సగానికి తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది. అంటే రాత్రి వేసుకున్నది పొద్దునకీ ఒంట్లో ఉంటుంది. రెండేళ్ళుగా ఒకే మోతాదు వాడుతున్న మనిషికి మగత దాదాపు లేకపోవచ్చు, కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళకి మాత్రం ప్రమాదమే. ఇది నువ్వూ నేనూ తేల్చేది కాదు. పని వివరాల కాగితం, షిఫ్టు వేళలు డాక్టరుకి చూపించు. ఫోర్క్‌లిఫ్ట్ సంగతి దాచకు. "ఈ పనులు సురక్షితంగా చేయగలరు" అనో, "ఫలానా పని వద్దు" అనో ఆయన స్పష్టంగా రాయాలి. ఫోర్క్‌లిఫ్ట్ వద్దంటే ఆ ఒక్క పనిని వేరేవాళ్ళకి అప్పగించమని అడిగే హక్కు నీకుండొచ్చు. అది నీ పనిలో ఎంత ముఖ్యమో దాన్నిబట్టి ఉంటుంది.

నన్ను నిజంగా భయపెట్టింది నీ మెయిల్ చివర రాసిన మాట. "లేదంటే మూడు రోజులు మాత్రలు మానేసి వెళ్ళనా?" అన్నావు. వద్దమ్మా, అస్సలు వద్దు. మూడు రోజుల్లో అది మూత్రంలోంచి పోతుందన్న నమ్మకం లేదు. అంతకన్నా పెద్ద సంగతి, రెండేళ్ళుగా వాడుతున్న క్లోనజెపామ్‌ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ జాతి మందులన్నిటి మీదా ఉండే హెచ్చరికను మరింత గట్టి చేసింది కూడా అందుకే. తగ్గించాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగానే తగ్గించాలి.

ఇంకొక్క మాట, ఇది నీకే కాదు, చదివే చెల్లెళ్ళందరికీ. ఇండియా నుంచి అమ్మ తెచ్చిన ఆల్ప్రాజోలం మాత్ర నిద్రపట్టని రాత్రి ఒకటి వేసుకునే ఇళ్ళు నాకు తెలుసు. అమ్మ పేరు మీదున్న ప్రిస్క్రిప్షన్ నీకు పనికిరాదు, ఏ ఉత్తరమూ దాన్ని సరిచేయలేదు. అక్కడి డాక్టరు నీకే రాసిచ్చిన మందైతే వేరు. అసలు చీటీ దాచుకో. అందులో ఇండియా బ్రాండు పేరు మాత్రమే ఉంటే అమెరికాలో ఎవరికీ అర్థం కాదు, పక్కన మందు అసలు పేరు కూడా రాయించుకో. టెస్టుకి వెళ్ళేముందే ఇక్కడి డాక్టరుకి అది చూపించు, ఆ మందు ఆయన రికార్డులోకి ఎక్కుతుంది.