విద్యుత్ శాఖకు ఫిర్యాదు లేఖ

రుసుము పూర్తిగా చెల్లించి నెలలు గడిచినా మీ ఇంటికి కొత్త కనెక్షన్ రాలేదనుకోండి. అప్పుడు రాసే లేఖలో మీ ఇబ్బందుల కంటే తేదీలే ముఖ్యం. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం, రుసుము రసీదుతో సహా పూర్తి దరఖాస్తు అందాక నెల దాటకుండా సరఫరా ఇవ్వాలి. కొత్త లైను వేయవలసివస్తే మాత్రం గడువు పెరుగుతుంది. ఈ నమూనా చదవండి.

తేది: 15-5-2025

అసిస్టెంట్ ఇంజనీరు గారికి,

విషయం: కొత్త గృహ కనెక్షన్ ఇవ్వడంలో జాప్యం.

అయ్యా,

నేను 10-1-2025న దరఖాస్తు చేసి, అదే రోజు రుసుము మొత్తం చెల్లించాను. రసీదు నకలు జతపరిచాను. నాలుగు నెలలు దాటినా మీటరు బిగించలేదు. మా ఇంటి ముందే కరెంటు స్తంభం ఉంది. కొత్త లైను అవసరం లేదు. వారంలోగా కనెక్షన్ ఇవ్వాలని, లేనిచో ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను.

ఇట్లు,
(సంతకం, దరఖాస్తు సంఖ్య, చిరునామా)

స్తంభం మాట ఎందుకు రాశారో గమనించారా? "లైను వేయాలి" అనే జవాబుకు అది ముందే అడ్డుకట్ట వేసింది. లేఖ రెండు ప్రతులు రాయండి. మీ ప్రతిపై కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకోండి. జవాబు రాకపోతే, వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికలో అదే మీకు ఆధారం.

అభ్యాసం: రసీదు తేదీ రాయకపోతే ఈ లేఖకు కలిగే లోపం ఏమిటి? రెండు వాక్యాల్లో రాయండి.