‘మేం’ అనాల్సిన చోట ‘మనం’

విజయవాడ,
జనవరి 4

చి. అమ్మలుకి,

తెనాలి మేష్టారికి పంపాలని నువ్వు రాసుకున్న ఉత్తరం వాట్సాప్‌లో అందింది. రెండుసార్లు చదివాను. “రాబోయే రోజుల్లో ప్రూఫుల పని కొంత తగ్గే అవకాశం కనిపిస్తోంది. వచ్చే ఏడాది ఎలా చేద్దామనేది మనం కలిసి ఆలోచిద్దాం. మీ సహకారం మరువలేనిది.” పదకొండేళ్లుగా మీ పుస్తకాల ప్రూఫులు చూస్తున్న మనిషి కదా, ఆయన వెతికినా ఇందులో అక్షరదోషం దొరకదు. ఏప్రిల్ నుంచి ఆయనకు మీ పని ఉండదన్న విషయం కూడా దొరకదు. ఏప్రిల్లో పేజీలు కాస్త ఆలస్యంగా వస్తాయి కాబోలు అనుకుని, “అలాగేనమ్మా” అని జవాబు రాసి, మళ్లీ కళ్లజోడు సర్దుకుని పనిలో పడతారు.

మెత్తగా చెప్పాలని అలా రాశావు. నాకు తెలుసు, నేనూ అలాగే చేశాను. అప్పట్లో నేను పనిచేసిన సంస్థలో ఒక డీటీపీ కుర్రాడు ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని ఏడేళ్లు మాకు పేజీలు కట్టాడు. ఆ పనిని ఆఫీసులోకే తెచ్చుకోవాలని అనుకున్నాం. అతనికి చెప్పమని నాకు అప్పగించారు. నేను “దీపావళి వెళ్లాక చూద్దాంలే” అన్నాను. అతను ఆ మాటనే పట్టుకుని, వేరేచోట వచ్చిన పాఠ్యపుస్తకాల పని వదిలేసుకున్నాడు. చివరికి బైండింగు షాపులో ఎవరో చెబితే తెలిసింది. ఓ మధ్యాహ్నం నా టేబులు దగ్గరికి వచ్చి, “నా పేజీలు ఎవరు కడుతున్నారు సార్?” అని మాత్రం అడిగాడు. పని పోయిందని కాదు అతని బాధ. రెండున్నర నెలలు ఎదురుచూసేలా చేశానని. ఇప్పటికీ ఆ షాపు ముందు నుంచి వెళ్లాలంటే నాకు ఇబ్బందే.

ఇంతకీ నీ ఉత్తరంలో ఇంకో చిక్కుంది. నువ్వు పంపిన ఒప్పందం కాగితంలో ఆరో అంశం మళ్లీ చదువు. గడువు మార్చి 31. దానికి 30 రోజుల ముందు ఇద్దరిలో ఎవరూ రాతపూర్వకంగా వద్దనకపోతే, అదే ఒప్పందం మరో ఏడాది సాగుతుందని ఉంది. “పని తగ్గే అవకాశం కనిపిస్తోంది” అన్న మాటను ‘వద్దు’ అని ఎవరూ ఒప్పుకోరు. అంటే ఆయన మనసు నొప్పించకూడదని నువ్వు రాసిన ఆ ఉత్తరం ఆయనకు విషయం చెప్పలేదు సరికదా, ఒప్పందాన్నీ ముగించలేదు.

కాగితం ప్రకారం ఫిబ్రవరి నెలాఖరు దాకా ఆగవచ్చు. కానీ ఆగకు. ప్రూఫులు చూసేవాళ్ల క్యాలెండరు రోజుల లెక్కన నడవదు, సీజను లెక్కన నడుస్తుంది. జూన్‌లో బళ్లు తెరిచేసరికి పుస్తకాలు షాపుల్లో ఉండాలి కాబట్టి చలికాలం నుంచే పేజీలు తయారవుతుంటాయి. జనవరిలో ఇక్కడ విజయవాడలో నాకు తెలిసిన నలుగురు పబ్లిషర్లయినా నమ్మకంగా చదివే మనిషి కోసం చూస్తుంటారు. ఫిబ్రవరి నెలాఖరుకు పేజీలన్నీ పంచేసి ఉంటారు. అప్పుడు మీ నోటీసు అందుకున్న మనిషికి మళ్లీ సీజను వచ్చేదాకా ఖాళీయే. ఉద్యోగికైతే పీఎఫ్, గ్రాట్యుటీ ఉంటాయి. నెలకు 26 వేలు తీసుకునే ఫ్రీలాన్సరుకు అవేమీ లేవు. ముందుగా తెలిసిన రోజులే ఆయనకు దక్కేవి.

“సంక్రాంతి వెళ్లాక చెబుతాను పెదనాన్నా, పండగ పూట ఎందుకు?” అన్నావు ఫోన్లో. మామూలుగా అయితే నేనూ సరే అనేవాణ్ని. కానీ ఆయన ఇంటికి ఈ ఏడు కొత్తల్లుడు వస్తున్నాడని నువ్వే చెప్పావు. బట్టలు, మర్యాదలు, వీలైతే ఓ చిన్న గొలుసు. ఏప్రిల్ నుంచి ఈ డబ్బు రాదని తెలిసిన మనిషి పెట్టే ఖర్చు వేరు, తెలియని మనిషి పెట్టేది వేరు. పండగయ్యాక చెబితే, “అప్పటికే తెలిసి కూడా చెప్పలేదా?” అనుకుంటారు. అలా అనుకుంటే తప్పు కూడా కాదు. ఈ మంగళవారమే చెప్పు. పొద్దున పదకొండు గంటల వేళ బాగుంటుంది. ఆ తర్వాత ఆయనకు ఏమైనా అడగాలనిపిస్తే నువ్వు ఆఫీసులో దొరుకుతావు. ఆ సాయంత్రమంతా వేరే పని పెట్టుకోకు. హైదరాబాద్ రమ్మని మాత్రం పిలవకు. ఈ మాట వినడానికి ఆయన టికెట్టు కొనుక్కుని రావడమేమిటి?

ఇక ఎలా చెప్పాలన్నది. మన తెలుగులో ఒక వెసులుబాటు ఉంది. వినేవాణ్ని కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేం’. చేదు మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నోరు దానంతటదే ‘మనం’ వైపు జారుతుంది. “మనం ఆపేద్దామనుకుంటున్నాం మేష్టారూ” అంటాం. ఆయన అనుకోలేదు కదా! తన పని తీసేసే నిర్ణయంలో ఆయన్నీ భాగస్వామిని చేసేస్తున్నాం. ఒప్పందం మనది, నిజమే. నిర్ణయం మాత్రం మీది. అలాగే క్రియ దగ్గరా జాగ్రత్తపడు. “ఆగిపోతోంది”, “ఆపాల్సి వస్తోంది” అంటే కాలవకు నీళ్లు ఆగినట్టు దానంతటదే ఆగుతున్నట్టుంటుంది. “పైవాళ్లు అంటున్నారు” అన్నది మరీ అన్యాయం. ఆ మాటతో ఆయనకు పైవాళ్ల ఫోన్ నంబరు ఇచ్చి బతిమాలుకోమన్నట్టే అవుతుంది.

నేనైతే ఇలా అంటాను: “మేష్టారూ, కష్టమైన మాట చెప్పడానికి చేశాను. మార్చి 31తో ముగిసే ఒప్పందాన్ని ఈసారి పొడిగించకూడదని మేం నిర్ణయించాం. అప్పటిదాకా పని, డబ్బు ఎప్పటిలాగే ఉంటాయి.” క్షేమ సమాచారాల తర్వాత మొదటి మాట ఇదే కావాలి. ముందు పది నిమిషాలు పొగిడితే, ఆ పొగడ్త అంతా దీనికోసమేనా అని తర్వాత గుర్తు చేసుకుని బాధపడతారు.

అన్నాక ఆగు. అవతల నిశ్శబ్దంగా ఉంటుంది. పది సెకన్లే అయినా చాలాసేపు ఉన్నట్టుంటుంది. ఆ నిశ్శబ్దానికి భయపడే మనం, “అవసరమైతే మళ్లీ పిలుస్తాంలెండి” అనేస్తాం. కచ్చితంగా పిలిచే పని నీ చేతిలో లేనప్పుడు ఆ మాట అనకు. నా డీటీపీ కుర్రాణ్ని ముంచింది అలాంటి మాటే.

కారణం అడుగుతారు. ఉన్నదే చెప్పు. తెర మీదే దిద్ది, అదే రోజు తిప్పి పంపే పద్ధతికి మారారు, అందుకు ఇద్దరిని ఆఫీసులోనే పెట్టుకున్నారు. ఆయనకు ప్రింటు మీద ఎర్ర కలంతో చూడటం అలవాటు, కట్ట కొరియర్లో వచ్చి వెళ్లడానికి నాలుగు రోజులు. అంతే కదా కారణం? ఇంకేవీ జోడించకు. మూడేళ్ల కిందట ఎనిమిదో తరగతి సైన్సులో వదిలేసిన తప్పును ఇప్పుడు తవ్వి తీయకు. అది చెప్పాల్సి ఉంటే అప్పుడే చెప్పాల్సింది. అన్నట్టు, తెర మీద చూడటం నేర్చుకుంటారా అని ఆయన్ని ఎప్పుడైనా అడిగారా? అడగకపోతే ఆ ప్రశ్న మీ డైరెక్టరుగారికి రేపే వెయ్యి, మేష్టారికి ఫోన్ చేయకముందే. నిర్ణయం మారే వీలుంటే అది ఇప్పుడే మారాలి. ఫోన్ మధ్యలో కాదు.

ఎందుకంటే ఫోన్ మధ్యలో ఆయన, “పోనీ రేటు తగ్గించుకుంటానమ్మా” అనవచ్చు. అన్నిటికన్నా కష్టమైన ఘట్టం అదే. “అడిగి చెబుతాను” అన్నావా, మళ్లీ ఆశ పెట్టినట్టే. “రేటు వల్ల కాదు మేష్టారూ. తగ్గించినా మా నిర్ణయం మారదు. మీ రేటు అలాగే ఉంచుకోండి” అను. ఆ చివరి మాట ఆయనకు వేరేచోట పనికొస్తుంది కూడా.

ఆయనకు అర్థమైందో లేదో తెలుసుకోవడం తేలిక. “చివరి బిల్లు ఎప్పుడు పంపను?” అని అడిగితే అర్థమైనట్టు. “అయితే ఏప్రిల్లో లెక్కలు ముందొస్తాయా, సోషలా?” అంటే అర్థం కానట్టు. అప్పుడు నొచ్చుకోకుండా తేదీతో సహా మళ్లీ చెప్పు.

ఫోన్ పెట్టిన గంటలో ఈమెయిలు వెళ్లాలి, నోటీసు కూడా అదే అవుతుంది. పొడుగు వద్దు:

“మేష్టారికి నమస్కారం. ఇందాక ఫోన్లో చెప్పినట్టు, మార్చి 31తో ముగిసే మన ఒప్పందాన్ని పొడిగించడం లేదు. ఒప్పందంలోని 6వ అంశం ప్రకారం దీన్ని నోటీసుగా తీసుకోగలరు. మార్చి 20 వరకు పేజీలు పంపుతాం. అవి 31లోగా చేరితే చాలు. చివరి బిల్లు ఏప్రిల్ 5లోగా పంపండి, 15లోగా జమచేస్తాం. జనవరి–మార్చి టీడీఎస్ సర్టిఫికెట్ జూన్ మధ్యలో వస్తుంది, మేమే పంపుతాం.”

టీడీఎస్ మాట చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఆ కాగితం వచ్చేనాటికి మీతో ఆయనకు పని ఉండదు, అడగడానికి మొహమాటపడతారు. అందుకే ముందే రాయమన్నాను. ఆయన ఉద్యమ్‌లో నమోదు చేసుకున్నారేమో కూడా మీ అకౌంట్స్‌లో చూడమను. అలా అయితే డబ్బు ఇవ్వడానికి ఒప్పందంలో గడువు ఎంత రాసుకున్నా చట్టప్రకారం 45 రోజులు దాటకూడదు, దాటితే వడ్డీ పడుతుంది.

పేజీలు కట్టే పిల్లలకు ఆయనతో మాట్లాడాకే చెప్పు, అదీ ఆ రోజే. వాళ్లు ఆయనతో రోజూ మాట్లాడతారు, ఎవరో ఒకరు నోరు జారతారు. వాట్సాప్ గ్రూపులోంచి చెప్పకుండా తీసేయకు. చివరి కట్ట చేరిన రోజున గ్రూపులోనే నాలుగు మాటలు రాసి, ఎప్పుడు వెళ్లాలో ఆయనకే వదిలెయ్. పరిచయ లేఖ ఇస్తానని మంగళవారమే చెప్పవచ్చు, అది నీ చేతిలో ఉన్న పనే. ఎన్నేళ్లు, ఏ తరగతులు, ఏ సబ్జెక్టులు అన్నవి రాస్తే పబ్లిషరుకు పనికొస్తుంది. “నిబద్ధత గల వ్యక్తి” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన సరే అంటే ఇక్కడి వాళ్లలో ఇద్దరికి నేనూ ఫోన్ చేస్తాను. ఆయన్ని అడగకుండా చేయను.

ఇంకొకటి. ‘కిరణజన్య సంయోగక్రియ’ను ఎక్కడ విడగొట్టాలి, ఏ శాస్త్రజ్ఞుడి పేరు తెలుగులో ఎలా రాయాలి అని పదకొండేళ్లుగా ఆయన ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. మీ కొత్తవాళ్లకు అది కావాలంటున్నావు. ఒప్పందంలో దాని ప్రస్తావనే లేదు. తన పనికోసం తాను రాసుకున్నది, ఆయనదే. మంగళవారం దాని ఊసెత్తకు. ఫిబ్రవరిలో విడిగా ఫోన్ చేసి, ఇంత డబ్బు ఇస్తాం, జిరాక్సు తీసుకోనిస్తారా అని అడుగు. ఇవ్వనంటే మీ కొత్తవాళ్లిద్దరూ మొదటి పేజీ నుంచి రాసుకోవాల్సిందే.

బుధవారం సాయంత్రం ఫోన్ చెయ్. పెద్దమ్మ అరిసెలు వండుతోంది, నీ వాటా పక్కన పెడుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న