రెండు దేశాల్లో ఉన్న దుస్తులకు రంగు కుదిర్చేదెలా?

ప్రశ్న: వధువు పట్టుచీర హైదరాబాద్‌లో, వరుడి కుర్తాలు మిస్సిసాగాలో ఉన్నాయి. అక్టోబరులో అక్కడి కరియా పార్కులో జరిగే ప్రీ వెడ్డింగ్ షూట్‌కు ఫొటోలు చూసి రంగులు ఎంచుకోవచ్చా?

జవాబు: ఎంచుకోవచ్చు, అయితే దుకాణపు పసుపు దీపాల కింద తీసిన ఫొటో ముదురు ఆకుపచ్చ చీరను కూడా గోధుమ ఛాయలో చూపగలదు కనుక, రెండు చోట్లా పగటిపూట, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన, లైట్లు, ఫ్లాష్ ఆపి, వస్త్రం పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఫొటో తీయాలి. ఆ కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే రంగు తప్పినట్టే. అది తెల్లబడేవరకు ఫోనులో వర్ణ సమతుల్యాన్ని, అంటే వెలుగు వల్ల చేరిన ఛాయను తొలగించే అమరికను, సరిచేసిన తరువాతే రెండు ఫొటోలనూ ఒకే తెరపై పక్కపక్కన చూడాలి. పడుగు, పేక వేర్వేరు రంగుల్లో ఉన్న పట్టు కోణాన్ని బట్టి మారుతుంది కాబట్టి, దాన్ని రెండు వైపుల నుంచి తీయడం అవసరం.

తరువాత రెండింటినీ నలుపు తెలుపులోకి మార్చాలి, ఎందుకంటే చాలామంది వదిలేసే ఈ పరీక్షే అసలు సంగతి తేలుస్తుంది. ముదురు ఆకుపచ్చ చీర, మెరూన్ కుర్తా రంగుల్లో వేరైనా ఇక్కడ ఒకే బూడిద ఛాయలో కనిపిస్తే, జంట దగ్గరగా నిలబడినప్పుడు, ముఖ్యంగా దూరపు షాట్లలో, ఇద్దరి ఆకారాలూ కలిసిపోతాయి. అటువంటప్పుడు గంధం రంగు కుర్తా తీసుకుని, చీర అంచులో మెరూన్ ఉంటే, ఆ రంగును ఉత్తరీయానికే పరిమితం చేయడం మేలు. శరదృతువులో ఎర్రబడిన ఆకుల ముందు కూడా ఆ లేత కుర్తా స్పష్టంగా నిలుస్తుంది.